షుగర్‌ఫ్రీ తిన్నాక కడుపుబ్బరం ఎందుకు? సార్బిటాల్, జైలిటాల్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ ఆల్కహాల్ అంటే ఏమిటి? ఇందులో మద్యం ఉంటుందా?

ఉండదు, మత్తూ ఎక్కదు. పేరులోని ఆల్కహాల్ రసాయనశాస్త్రం వాడే మాట. గ్లూకోజుకు హైడ్రోజన్ చేర్చితే సార్బిటాల్ అవుతుంది. జైలోజుకు చేర్చితే జైలిటాల్, మాల్టోజుకు చేర్చితే మాల్టిటాల్. వీటన్నిటినీ కలిపి పాలియోల్స్ అంటారు. నాలుక వీటిని తీపి అనే అనుకుంటుంది. పేగు మాత్రం చక్కెరగా గుర్తుపట్టదు. కడుపుబ్బరం కథంతా ఈ తేడాలోనే ఉంది.

పేగు వీటిని ఎందుకు పీల్చుకోలేదు?

గ్లూకోజును లోపలికి లాక్కోవడానికి చిన్నపేగు గోడ కణాల్లో ప్రత్యేకమైన ప్రొటీన్లున్నాయి. అవి సోడియంతో కలిపి గ్లూకోజును గబగబా మోసుకెళ్తాయి. ఫ్రక్టోజుకూ వేరే వాహకం ఉంది. సార్బిటాల్‌కు, జైలిటాల్‌కు అలాంటి బండి ఏదీ లేదు. పేగులో గాఢత ఎక్కువగా, రక్తంలో తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ వాలు వెంబడి కణాల మధ్య సందుల్లోంచి మెల్లగా ఊరుతూ పోవాల్సిందే. అణువు పెద్దదైతే ఆ దారి మరింత ఇరుకు.

పైగా పేగు ఆగి ఎదురుచూడదు. తిన్నది సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో చిన్నపేగు దాటి పెద్దపేగు మొదట్లోకి చేరుతుంది. ఆ లోపు ఊరినంత ఊరుతుంది, మిగిలింది కిందికి దిగుతుంది. జైలిటాల్‌లో సుమారు సగం ఇలా కిందికి పోతుంది. సార్బిటాల్ విషయంలో మనిషికీ మనిషికీ చాలా తేడా కనిపిస్తుంది, ఎంత తిన్నారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

అలా మిగిలిపోయింది లోపల ఏం చేస్తుంది?

రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది. ఈ రెండూ వేర్వేరని తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి పని చిన్నపేగులో, నీటితో. పేగులో ఉన్న ద్రవం రక్తంకన్నా చిక్కగా ఉండకూడదన్నది శరీరం నియమం. పీల్చుకోని సార్బిటాల్ అక్కడ కూర్చుంటే, దాన్ని పలచన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి వచ్చేస్తుంది. ఎంత నీరో లెక్క కట్టవచ్చు. సార్బిటాల్ అణుభారం 182, కాబట్టి 10 గ్రాములంటే సుమారు 55 మిల్లీమోల్స్, కరిగినప్పుడు అంతే మిల్లీఆస్మోల్స్. రక్తం చిక్కదనం లీటరుకు సుమారు 290 మిల్లీఆస్మోల్స్. 55ను 290తో భాగిస్తే 0.19 లీటరు వస్తుంది. అంటే రెండు చెంచాల సార్బిటాల్ అసలేమీ ఇంకకపోతే తన చుట్టూ ఒక టీ గ్లాసుకు మించిన నీటిని పట్టి ఉంచుతుంది. గుడగుడ శబ్దం, బొడ్డు చుట్టూ బరువు, మెలిపెట్టినట్టు నొప్పి ఈ దశలో వస్తాయి. గ్యాస్ ఇంకా మొదలు కూడా కాలేదు.

రెండో పని పెద్దపేగులో, బ్యాక్టీరియాతో. అక్కడి సూక్ష్మజీవులకు సార్బిటాల్ మంచి మేత. దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. దోసెల పిండి రాత్రికి పొంగినట్టే ఇక్కడా వాయువు పుడుతుంది: హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్. ఆ ఆమ్లాలను పెద్దపేగు పీల్చుకుంటుంది, వాటితో పాటు నీళ్లూ వెనక్కి వెళ్తాయి. కాబట్టి బ్యాక్టీరియా మనకు శత్రువేం కాదు. విరేచనం కాకుండా ఆపుతున్నది అవే. అందుకు మనం చెల్లించే ధర గ్యాస్.

వచ్చిన సార్బిటాల్‌ను బ్యాక్టీరియా పూర్తిగా తినేయగలిగినంతవరకు మనకు ఉబ్బరం, అపానవాయువు మాత్రమే. వాటి శక్తికి మించి వస్తే మిగిలిన సార్బిటాల్ నీటిని పట్టుకునే బయటికి వస్తుంది. అదే నీళ్ల విరేచనం.

శరీరంలోకి ఇంకిన భాగం సంగతేమిటి?

సార్బిటాల్ కాలేయానికి వెళ్లి, సార్బిటాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమువల్ల ఫ్రక్టోజుగా మారి, ఫ్రక్టోజు దారిలోనే ఖర్చవుతుంది. జైలిటాల్ కూడా కాలేయంలోనే జైల్యులోజుగా మారి పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గంలో కలుస్తుంది. ఈ పనులు నింపాదిగా సాగుతాయి, ఇన్సులిన్ అవసరం కూడా పెద్దగా ఉండదు. అందుకే రక్తంలో చక్కెర అంతగా పెరగదు. కిందికి పోయిన భాగం నుంచి వచ్చే ఆమ్లాలు కూడా కొంత శక్తినిస్తాయి. కాబట్టి కేలరీలు సున్నా కావు. చక్కెర గ్రాముకు 4 కేలరీలైతే సార్బిటాల్‌కు సుమారు 2.6, జైలిటాల్‌కు 2.4గా లెక్కిస్తారు.

ఎంత తింటే ఇబ్బంది మొదలవుతుంది?

ఒకేసారి 5 గ్రాముల సార్బిటాల్‌తోనే కొందరికి గ్యాస్ వస్తుంది. 10 గ్రాముల దగ్గర చాలామందికి ఉబ్బరం తెలుస్తుంది. 20 గ్రాములకు నొప్పి, విరేచనాలు మామూలే. జపాన్‌లో ఆరోగ్యవంతులపై చేసిన కొలతల్లో విరేచనం కాకుండా ఓర్చుకోగల గరిష్ఠ మోతాదు పురుషుల్లో కిలో బరువుకు 0.17 గ్రాములు, స్త్రీలలో 0.24 గ్రాములని తేలింది. 60 కిలోల మగవాడికి అది సుమారు 10 గ్రాములే. ఇది విరేచనాల హద్దు అని గుర్తుంచుకోవాలి. ఉబ్బరం హద్దు ఇంకా కిందే ఉంటుంది.

జైలిటాల్‌ను చాలామంది సార్బిటాల్‌కన్నా కాస్త ఎక్కువే తట్టుకుంటారు. కానీ ఖాళీ కడుపుతో పానీయంలో కలుపుకొని తాగితే ఆ వెసులుబాటు తగ్గుతుంది. ద్రవం పొట్టలోంచి త్వరగా జారి, మొత్తం మోతాదును ఒక్కసారే పేగులో దింపేస్తుంది. అదే భోజనం తర్వాత తింటే కొంచెం కొంచెంగా దిగుతుంది. మొత్తం గ్రాములకన్నా ఒక్క విడతలో ఎంత అన్నదే ముఖ్యం.

నేను స్వీట్లు తినను, చూయింగ్ గమ్ మాత్రమే నములుతాను. దానితో కూడా వస్తుందా?

తప్పకుండా వస్తుంది. ఎవరూ అనుమానించని దొంగ ఇదే. ఒక షుగర్‌ఫ్రీ గమ్ ముక్కలో సుమారు 1.25 గ్రాముల సార్బిటాల్ ఉండవచ్చు. రెండు ముక్కలతో ఏమీ కాదు. ఆఫీసులో గంటకొకటి చొప్పున పది నమిలితే 12.5 గ్రాములవుతుంది.

ఎంతదాకా వెళ్లవచ్చో 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెర్లిన్ వైద్యులు ప్రచురించిన ఇద్దరి వివరాలు చెబుతాయి. 21 ఏళ్ల యువతికి నెలల తరబడి విరేచనాలు, కడుపునొప్పి, 11 కిలోల బరువు తగ్గుదల. పరీక్షలన్నిటా ఏమీ దొరకలేదు. ఏం తింటారని కూర్చోబెట్టి అడిగితే గమ్ బయటపడింది. రోజుకు 18 నుంచి 20 గ్రాముల సార్బిటాల్ లోపలికి పోతోంది. రెండో వ్యక్తికి 46 ఏళ్లు, 22 కిలోలు తగ్గాడు. గమ్‌తో పాటు షుగర్‌ఫ్రీ బిళ్లలు కూడా తినేవాడు, రోజుకు దాదాపు 30 గ్రాములు. ఇద్దరిలోనూ సార్బిటాల్ ఆపగానే విరేచనాలు ఆగిపోయాయి, బరువూ తిరిగి పెరిగింది. ‘ఏం తిన్నారు’ అని డాక్టరు అడిగితే గమ్ పేరు ఎవరికీ నోటికి రాదు. అది తిండి కాదని మన లెక్క.

గమ్‌తో ఇంకో చిక్కు, నములుతున్నంతసేపూ గాలి కూడా మింగుతాం. దానివల్ల త్రేన్పులు, పై కడుపులో ఉబ్బరం వెంటనే తెలుస్తాయి. సార్బిటాల్ ఉబ్బరం గంట, రెండు గంటల తర్వాత బొడ్డు కింద మొదలవుతుంది. రెండిటికీ తేడా ఇలా పట్టవచ్చు.

ప్యాకెట్ మీద ఎలా కనిపెట్టాలి?

ముందువైపు ‘షుగర్ ఫ్రీ’, ‘నో యాడెడ్ షుగర్’ అనే పెద్ద అక్షరాలు వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో పేరుకు బదులు నంబరు ఉండవచ్చు. సార్బిటాల్‌కు 420, మానిటాల్‌కు 421, ఐసోమాల్ట్‌కు 953, మాల్టిటాల్‌కు 965, లాక్టిటాల్‌కు 966, జైలిటాల్‌కు 967, ఎరిత్రిటాల్‌కు 968. మన దేశంలో పాలియోల్స్ ఉన్న ప్యాకెట్లపై వాటివల్ల విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక వాక్యం కూడా ఉండాలి. అది సాధారణంగా అతి చిన్న అక్షరాల్లో అంచున ఉంటుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 40 గ్రాముల షుగర్‌ఫ్రీ చాక్లెట్ బార్ మీద 100 గ్రాములకు పాలియోల్స్ 38 గ్రాములని రాశారనుకోండి. బార్ మొత్తం తింటే 15 గ్రాములు, అది మాల్టిటాల్ అనుకుందాం. మాల్టిటాల్‌ను చిన్నపేగు ఎంజైములు కొంతవరకు విడగొడతాయి. ఒక గ్లూకోజు, ఒక సార్బిటాల్ వస్తాయి. మొత్తం విడిపోతే 15 గ్రాముల్లోంచి వచ్చేది సుమారు 8 గ్రాముల సార్బిటాల్. విడిపోనిది అలాగే పెద్దపేగుకు పోతుంది. ఎలా చూసినా ఉబ్బరం హద్దు దాటినట్టే. సగం బార్ తిని, మిగతా సగం మరునాడు తింటే అదే మనిషికి ఏమీ తెలియకపోవచ్చు.

మధుమేహం ఉన్నవారు ఇక్కడే ఇంకొకటి గమనించాలి. మాల్టిటాల్ నుంచి గ్లూకోజు వస్తుంది కనుక, రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచీ దానికి సుమారు 35. జైలిటాల్‌కు అది 13 లోపే, సార్బిటాల్‌కు 9 దగ్గర. ‘షుగర్‌ఫ్రీ కదా’ అని మాల్టిటాల్ మిఠాయి నాలుగు ముక్కలు తింటే ఇటు గ్లూకోమీటరూ అటు కడుపూ రెండూ ఫిర్యాదు చేస్తాయి.

పండ్లలో కూడా ఉంటుందా?

ఉంటుంది. బేరి, ఆపిల్, ప్లమ్, పీచ్, చెర్రీలలో సహజంగానే సార్బిటాల్ ఉంది. ఎండబెట్టిన ప్లమ్ అంటే ప్రూన్స్‌లో 100 గ్రాములకు సుమారు 15 గ్రాములు. మలబద్ధకానికి ప్రూన్స్ తినమనడం వెనక సంగతి ఇదే, పీచు ఒక్కటే కాదు. పుట్టగొడుగుల్లో, కాలీఫ్లవర్‌లో మానిటాల్ ఉంటుంది. ఆపిల్, బేరి పండ్లలో సార్బిటాల్‌తో పాటు గ్లూకోజుకన్నా మించిన ఫ్రక్టోజు కూడా ఉంది. ఈ రెండూ కలిస్తే విడివిడిగా కన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఆపిల్ జ్యూస్ తాగిన పసివాళ్లకు విరేచనాలు పలచబడటం ఇందుకే.

సిరప్ మందులతో సమస్య ఏమిటి?

చక్కెర లేని సిరప్‌లకు తీపి, చిక్కదనం ఇచ్చేది చాలాసార్లు 70 శాతం సార్బిటాల్ ద్రావణమే. ఒక చెంచా మందుతో పెద్దవాళ్లకు ఏమీ కాదు. ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్ ద్వారా మందులు పోసే రోగి విషయం వేరు. మాత్రలు మింగలేడు కాబట్టి అన్నీ ద్రవరూపంలోనే ఇస్తారు. ఒక మందు 5 మిల్లీలీటర్లలో 2 గ్రాముల సార్బిటాల్ ఉందనుకోండి. పూటకు 10 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగు పూటలంటే 16 గ్రాములు. ఇలాంటి మందు ఇంకొకటి తోడైతే 30 దాటుతుంది. ఆ రోగికి విరేచనాలైతే ట్యూబ్ ఫీడ్‌నో, ఇన్ఫెక్షన్‌నో నిందిస్తారు. మందు సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది ఎవరూ చూడరు. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే సీసాలన్నీ డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించి, సార్బిటాల్ లేని రూపంగానీ నూరి కలపదగ్గ మాత్రగానీ ఉందేమో అడగండి. మాత్రలన్నీ నూరదగ్గవి కావు, కాబట్టి సొంతంగా మార్చవద్దు.

నా ఉబ్బరానికి కారణం ఇదేనని ఎలా తేల్చుకోవాలి?

ఇంట్లో చేసుకోగల పద్ధతి ఆపి చూడటం, మళ్లీ తిని చూడటం. ఒక వారం పాటు గమ్, షుగర్‌ఫ్రీ బిళ్లలు, చాక్లెట్లు, ప్రొటీన్ బార్లు పూర్తిగా మానండి, పైన చెప్పిన పండ్లు కూడా. సొంతంగా వేసుకునే దగ్గు సిరప్ ఉంటే దాన్నీ ఆపండి, డాక్టరు రాసినది మాత్రం అడగకుండా ఆపొద్దు. మిగతా తిండి మామూలుగానే ఉండాలి. పాలు, పప్పులు కూడా ఒకేసారి మానేస్తే ఏది దోషో తేలదు. వారంలో ఏ మార్పూ లేకపోతే కారణం వేరే ఎక్కడో ఉంది, ఇక్కడితో ఆపేయండి.

తగ్గితే ఎనిమిదో రోజు పరీక్ష. లేబుల్ చూసి 5 గ్రాములకు సరిపడా పాలియోల్ ఒకేసారి తినండి, తిన్న సమయం రాసుకోండి. ఆరు గంటల పాటు ఉబ్బరం, గ్యాస్, విరేచనం ఎప్పుడు ఎంత వచ్చాయో రాయండి. ఏమీ రాకపోతే రెండు రోజులు ఆగి 10 గ్రాములు. మీ హద్దు ఈ రెండిటి మధ్య ఎక్కడో దొరుకుతుంది. సార్బిటాల్‌తో హద్దు తెలిసినంత మాత్రాన జైలిటాల్‌కూ అదే వర్తించదు, దాన్ని విడిగా చూసుకోవాలి.

ఆసుపత్రిలో హైడ్రోజన్ శ్వాస పరీక్ష ఉంది. రాత్రంతా ఉపవాసం ఉండి పొద్దున సార్బిటాల్ ద్రావణం తాగిస్తారు, పావుగంటకో అరగంటకో ఒకసారి ఊదిస్తారు. మన కణాలు హైడ్రోజన్‌ను తయారుచేయవు. ఊపిరిలో అది పెరిగిందంటే పేగులో బ్యాక్టీరియా దేన్నో పులియబెడుతున్నట్టే. మొదటి అంకెకన్నా పది లక్షల్లో 20 భాగాలు పెరిగితే పాజిటివ్ అంటారు. అయితే 10 గ్రాములిచ్చి ఊదిస్తే ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి పాజిటివే వస్తుంది. అందుకని అంకెతో పాటు అప్పుడు లక్షణాలు కూడా వచ్చాయా అన్నది చూడాలి. ముందురోజు పప్పు, రాజ్మా తిన్నా, నెల లోపు యాంటీబయాటిక్స్ వాడినా ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

అదే చాక్లెట్ తిన్న మా వారికి ఏమీ కాలేదు. నాకే ఎందుకు?

బరువు, పేగు కదలిక వేగం, అప్పుడు కడుపులో ఇంకేముంది అన్నవి కొంత కారణం. అసలు తేడా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పేగు నరాల సున్నితత్వం. ఐబీఎస్ అనే పేగు సమస్య ఉన్నవారిలో గ్యాస్ మరీ ఎక్కువ పుట్టనక్కర్లేదు, ఇతరులు గమనించని కొద్ది సాగుదలే వాళ్లకు నొప్పిగా తెలుస్తుంది. రెండోది బ్యాక్టీరియా కూర్పు. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపినదేమిటంటే, యాంటీబయాటిక్ ఇచ్చి కొవ్వు ఎక్కువున్న మేత పెడితే సార్బిటాల్‌ను తినే క్లాస్ట్రిడియా జాతి సూక్ష్మజీవులు తగ్గిపోయి, కొద్ది సార్బిటాల్‌కే విరేచనాలయ్యాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా తేలాల్సి ఉన్నా, యాంటీబయాటిక్ కోర్సు అయిన వెంటనే షుగర్‌ఫ్రీ డబ్బా తెరవకపోవడమే మంచిది.

అలవాటు చేసుకుంటే తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. ఫిన్లాండ్‌లోని తుర్కులో 1970ల మొదట్లో రెండేళ్లు జరిగిన దంత అధ్యయనంలో కొందరు చక్కెర బదులు జైలిటాలే తిన్నారు, సగటున రోజుకు 60 గ్రాములకు పైగా. మొదట్లో కొందరికి విరేచనాలైనా చాలామంది కొనసాగించగలిగారు. రోజూ మేత అందితే దాన్ని తినే బ్యాక్టీరియా పెరుగుతుంది, కాబట్టి పెద్దపేగు సర్దుకుంటుంది. చిన్నపేగుకు మాత్రం వాహకం కొత్తగా పుట్టుకురాదు, అక్కడ నీరు చేరడం అలాగే ఉంటుంది. అలవాటు చేసుకోవాలనుకుంటే భోజనం తర్వాత 2, 3 గ్రాములతో మొదలుపెట్టి, వారానికోసారి కొంచెం పెంచండి. మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికి రావచ్చు.

ఎరిత్రిటాల్‌తో ఉబ్బరం రాదంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. దాని అణువు చిన్నది, నాలుగు కార్బన్లే. దాదాపు 90 శాతం చిన్నపేగులోనే ఇంకిపోయి, ఖర్చవకుండానే మూత్రంలో బయటికి పోతుంది. పెద్దపేగు దాకా చేరేది కొద్దిగా కనుక గ్యాస్ తక్కువ. జపాన్ కొలతల్లో పురుషులకు దాని హద్దు కిలోకు 0.66 గ్రాములు, అంటే సార్బిటాల్‌కు దాదాపు నాలుగింతలు. కానీ దీన్నీ ఖాళీ కడుపుతో 50 గ్రాములు తాగేస్తే ఇంకేలోపే నీటిని లాగి వికారం తెస్తుంది, విరేచనం కూడా కావచ్చు.

ఇప్పటికే కడుపు ఉబ్బి ఉంది. ఏం చేయాలి?

దీనికి విరుగుడు మందు లేదు, కాలమే మందు. లోపలికి పోయింది బయటికి పోయేదాకా, సాధారణంగా కొన్ని గంటల నుంచి ఒక రోజు. మెల్లగా నడిస్తే గ్యాస్ కదులుతుంది. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగండి. వాము నమిలితే ఉపశమనంగా అనిపించవచ్చు, లోపల పులియడం మాత్రం ఆగదు. పప్పుల గ్యాస్‌కు, పాల గ్యాస్‌కు అమ్మే ఎంజైమ్ మాత్రలు ఇక్కడ పనిచేయవు. విడగొట్టడానికి సార్బిటాల్‌లో బంధమేదీ లేదు, అది ముందే ఒంటరి అణువు. యాంటీబయాటిక్ వేసుకోవడం తిరగబడే పని, పులియబెట్టి మనల్ని కాపాడేవాటినే చంపుతుంది.

మలంలో రక్తం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, పాలియోల్స్ మానినా తగ్గని విరేచనాలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం ఉంటే దీన్ని షుగర్‌ఫ్రీ ఖాతాలో వేయకండి, డాక్టరుకు చూపించండి.

మధుమేహంలో సార్బిటాల్ కళ్లను పాడుచేస్తుందని విన్నాను. తినవచ్చా?

ఆ సార్బిటాల్ వేరే దారిలో వస్తుంది. రక్తంలో గ్లూకోజు ఎక్కువైనప్పుడు కంటి కటకంలోని కణాలు దాన్ని తమలోనే సార్బిటాల్‌గా మారుస్తాయి. అది కణం దాటి సులువుగా బయటికి పోలేదు. నోటితో తిన్న సార్బిటాల్ కాలేయంలోనే మారిపోతుంది కనుక కటకం దాకా వెళ్లి పేరుకోదు. కంటికి హాని చేసేది అదుపులో లేని గ్లూకోజే.

దీన్ని అసలు తాకకూడనివారు ఎవరైనా ఉన్నారా?

వంశపారంపర్య ఫ్రక్టోజ్ అసహనం ఉన్నవారు. ఇది అరుదు. వీళ్ల కాలేయంలో ఆల్డొలేజ్ బి అనే ఎంజైము లోపిస్తుంది. సార్బిటాల్ కాలేయంలో ఫ్రక్టోజే అవుతుంది కాబట్టి వీళ్లకు సమస్య ఉబ్బరంతో ఆగదు, రక్తంలో చక్కెర పడిపోయి కాలేయం దెబ్బతింటుంది. పసిబిడ్డకు పండ్ల గుజ్జు, తీపి మొదలుపెట్టిన కొత్తల్లో వాంతులు, మగత, చెమటలు వస్తే పిల్లల డాక్టరుకు వెంటనే చూపించాలి. ఇచ్చిన సిరప్‌లలో సార్బిటాల్ ఉందేమో కూడా చెప్పాలి.